ఇరవై ఏడు అంగుళాల వాష్‌బేసిన్

2010 ఫిబ్రవరి, బంద్ రోజు. హాజరైనవారు: ప్రధానోపాధ్యాయుడినైన నేను, పిల్లలకు అన్నం వండే అవ్వ, మేస్త్రీ. ఆనాటి డైరీలో ఇంతే రాసి ఉంది.

కేసముద్రం దగ్గర మా ప్రాథమిక బడి అది. రైళ్లు ఆగిపోయాయి, పిల్లలు లేరు. వరండాలో వాష్‌బేసిన్ ముందు ముగ్గురం నిలబడ్డాం. దాని ఎత్తు నేను నిర్ణయించిందే. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలందరినీ గుమ్మానికి ఆనించి నేల నుంచి మోచేతి ఎత్తు కొలిచి, నాదీ అవ్వదీ కలిపి, సగటు తీసి, ఇరవై ఏడు అంగుళాల దగ్గర గీత గీశాను. లెక్క తప్పలేదు. కానీ బేసిన్ ఎవరికీ సరిపోలేదు. ఆరడుగుల నేను నడుము వంచి కడుక్కోవాలి. ఒకటో తరగతి వాళ్లకు కుళాయి అందదు. చేతులు పైకెత్తితే నీళ్లు మోచేతుల మీదుగా చొక్కాలోకి కారేవి. అందుకని రోజూ మధ్యాహ్నం అవ్వ ఒక్కొక్కరినీ ఎత్తి పట్టుకునేది.

"నా నడుం పోయింది సారూ. రేపటి సంది రాను. ఇంకెవరినన్న చూసుకోండ్రి" అంది అవ్వ.

"కింద ఒక మెట్టు కడితె అయిపాయె" అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. "మెట్టు కడితె మీరు ఏడ నిలబడ్తరు సారూ? అడుగు దూరం నిలబడి, ఇంకింత వంగుతరు. చీకట్ల కాలు తన్నుకుంటరు. ఎవరి మోచేతిని కొలిచి పెట్టిన్రు గిది?"

"అందరిదీ."

"అందరిదీ అంటె ఎవరిదీ కాదన్నట్టు."

ఎప్పుడో ఓ ఇంట్లో తీసేసిన పాత చిన్న బేసిన్ తన దగ్గర ఉందన్నాడు. దుకాణాలు మూసి ఉన్నాయి కాబట్టి సైకిల్ మీద అదే తెచ్చాడు. గోడకు బోల్టులు బిగించి, అంచు నేల నుంచి ఇరవై రెండు అంగుళాలుండేలా దాన్ని పక్కనే పెట్టాడు. పెద్దదాన్ని ముప్పై రెండుకు లేపాడు. అంచు మోచేతికి కొంచెం కిందుంటే నీళ్లు వెనక్కి కారవని చూపించాడు. సాయంత్రమైంది. చాలా అలసిపోయాను. అవ్వ రోజూ తెచ్చే వంట సంచి తీసుకుని వెళ్లిపోయింది.

మరునాడు ఉదయం గంట కొట్టేసరికి ఆమె గేటు దగ్గర ఉంది, చేతిలో సంచి లేదు. వంట మొదలుపెట్టలేదు. చూసి పోదామని వచ్చిందని అర్థమైంది. ఆటల మట్టి చేతులతో బడిలో అందరికన్నా చిన్న పిల్ల వచ్చింది. అలవాటు కొద్దీ అవ్వ వంగబోయింది.

"ఎత్తకవ్వా, నాకు అందుతది" అంది పిల్ల. కడుక్కుంది. మోచేతులు పొడిగానే ఉన్నాయి.

అవ్వ నడుం పట్టుకుని వరండా గట్టు మీద కూర్చుంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇయ్యాల ఎంతమంది వచ్చిన్రు సారూ? బియ్యం నానబెట్టాలె."