శుక్రవారం రెండేసి పడిన పేర్లు

చిత్తూరులో ఒక బైకుల షోరూంకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చింది నేనే. కస్టమర్ల పేర్లు రెండేసి పడుతున్నాయని ఫోన్ వస్తే తిరుపతి నుంచి బస్సెక్కాను. నా పని మీద నాకెంత నమ్మకమో! తప్పు ఎవరిదో పట్టుకుని, నాలుగు మాటలు అని రావాలనే పోయాను.

పేర్లు ఎక్కించేది నాకంటే పెద్దామె, అక్కా అనేవాణ్ణి. అంతకుముందు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోసేది. రసం తగిలి వేళ్ళు పుండ్లు పడితే, కంప్యూటర్ నేర్చుకుని ఈ కుర్చీలోకి వచ్చింది.

ఓనరు ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు. ఎవరి పేరో రెండుసార్లు పడి, ఒకదాని కింద ఫ్రీ సర్వీసు అయినట్టు, రెండోదాని కింద కానట్టు చూపించి గొడవైందట.

"ఒకే మనిషిని రెండు తూర్లు ఎక్కిస్తావా? కండ్లు యాడ పెట్టుకోనుండావమ్మా? కుర్చీలో కూర్చునే మొహమేనా నీది? ఈ తప్పు నీదే అయితే ఈపొద్దే ఇంటికి పో!"

మెకానిక్కులు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

రికార్డులు తెరిచి చూశాను. రెండేసి పడినవి దాదాపు అన్నీ శుక్రవారాలే, అన్నీ పదిన్నరలోపే. రాహుకాలం రాకముందే బండి బయటికి తీయాలని జనం మీదపడే వేళ. ఆ ఓనరు బ్రాంచీలన్నిటికీ ఒకటే సర్వర్, అది నత్తలా నడుస్తుంది. జంటగా పడిన రెండు పేర్ల మధ్య తేడా ప్రతిసారీ మూడు నాలుగు సెకన్లు.

"సేవ్ నొక్కితే ఏమీ కదలదన్నా. పడలేదేమో అని మళ్ళా నొక్కినా. అది తప్పా అన్నా?" అంది ఆమె మెల్లగా.

తప్పు నాది. ఒకసారి నొక్కగానే ఆ బటన్ పనిచేయకుండా చేయాలి. రెండోది వచ్చినా సర్వర్ తీసుకోకూడదు. ఛీ, రెండింట్లో ఒక్కటీ చేయలేదు నేను.

"ఏందప్పా, నీ సాఫ్ట్‌వేర్ తప్పా, ఈమె తప్పా?" అన్నాడు ఓనరు. ఆయన కొత్తగా తెరవబోయే షోరూం పని కూడా నాకే ఇస్తానని అంతకుముందే అన్నాడు.

"రెండుసార్లు నొక్కుతున్నారు సార్," అన్నాను.

అబద్ధం కాదు. అందుకే నోటికి అంత సులువుగా వచ్చింది. ఆమె టిఫిన్ క్యారియరు తీసుకుని, "పోయొస్తానన్నా," అని నాకే చెప్పి వెళ్ళింది. నేను తలెత్తలేదు.

తిరుపతి రాగానే బటన్ సరిచేశాను. ఫారం తెరిచిన ప్రతిసారీ దానికొక నంబరు పడేలా, అదే నంబరుతో రెండోసారి వస్తే సర్వర్ పక్కన పెట్టేలా రాశాను. పాత జంటలన్నీ కలిపి ఒకటి చేశాను. దాంతో ఆ సెకన్ల తేడా కూడా ఎవరికీ కనబడకుండా పోయింది. ఓనరుకు మాత్రం ఏమీ చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం ఆయనే ఫోన్ చేశాడు.

"సూస్తివా అప్పా! కొత్త పాపను పెట్టినా. అంత రష్షులో ఒక్క పేరన్నా రెండు పడిందా? అంతా ఆయమ్మ తప్పే. నువ్వు సెప్పబట్టి తెలిసింది."

"అవును సార్," అన్నాను.