క్రెడిట్ నోటు

నర్సీపట్నంలో ఒక జీడిపప్పు మిల్లు యజమానికి ఫ్రాన్స్ నుంచి తెప్పించిన మిషన్ భాగం విరిగి వచ్చింది. ఆ సంగతి రాశాక అక్కడి కంపెనీ వాళ్లు పంపిన కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చమని, ఫ్రెంచి చదివిన నా దగ్గరికి ఆయన తెచ్చారు.

హెచ్‌టీ అంటే పన్ను కలపని ధర, టీవీఏ అంటే వ్యాట్, టీటీసీ అంటే పన్నుతో కలిపి అని చకచకా రాశాను. పైనున్న ‘అవ్‌వార్’ అన్న మాటను సరిగా చూడకుండా ఇన్‌వాయిస్ అనేశాను. మళ్లీ డబ్బు అడుగుతున్నారనుకుని ఆయన వాళ్లకు ఘాటుగా మెయిలు పెట్టారు.

జవాబు చదివాక నాకు తల కొట్టేసినట్టయింది. అవ్‌వార్ అంటే క్రెడిట్ నోటు. విరిగిన భాగానికి వాళ్లు డబ్బు తిరిగిస్తున్నారు.

“తప్పు నాదేనండీ,” అన్నాను.

“పోన్లెండమ్మా. ఏటి రాయాలో సెప్పండి, ఆలకి బేగి పంపేద్దాం.”

క్షమాపణ నేనే రాశాను. కింద పేరు మాత్రం ఆయనదే పెట్టాల్సి వచ్చింది.