మసకలో నిలబడ్డ మనిషి

కల్లూరులో పెళ్ళి క్యాసెట్లు మిక్సింగ్ చేసే ఉరుకుందుకు భయం దగ్గరి చుట్టం. కరెంటు పోతే భయం, వస్తే భయం. అట్లాంటివాడికి రాఘవేంద్రప్రసాద్ లాంటి పెద్దమనిషి పనప్పజెప్తే ముద్ద దిగుతుందా?

అది 2008. ఆయన కూతురు పద్మప్రియ రిసెప్షన్. అందులో తన పెళ్ళినాటి పాత క్యాసెట్టును వెడల్పు తెరమీద వేయించాలని ఆయన ముచ్చట.

"రెండుపక్కలా నల్లపట్టీలు రాగూడదప్పా, శుభకార్యం. ఇంగోటి, మాయన్న నరసన్న యాడా కనపడగూడదు. కనపడినాడా, నీ చేతులుండవు!"

పొలం గట్టు కాడ తగవొచ్చి అన్నదమ్ములు మాటలు మానేసి ఏళ్ళయింది. నరసన్న ఆలూరు పక్కకు వెళ్ళిపోయాడు, తల్లి తమ్ముడి దగ్గరే ఉండిపోయింది.

పాత బొమ్మ వెడల్పు తక్కువ, కొత్త తెర వెడల్పు ఎక్కువ. ఖాళీ పక్కలు నింపాలి కదా! ఉరుకుందు అదే బొమ్మను రెండు పొరలుగా పెట్టాడు. పైపొర ఉన్న కొలతలోనే నడుమ. కిందిపొరను తెర అంచుల దాకా పెద్దది చేసి, మసకబార్చాడు. తాళి కట్టే చోట ఎడమ అంచున పసుపు తలపాగాతో నిలబడ్డ నరసన్నను పైపొరలో శుభ్రంగా కత్తిరించేశాడు. మసక ఎక్కువైతే కంప్యూటర్ మొరాయిస్తుందని కొంచెమే పెట్టి, డీవీడీలోకి ఎక్కించేశాడు.

రిసెప్షన్ హాల్లో తాళి బొమ్మ రాగానే వాడికి తెలిసొచ్చింది. కిందిపొరను కత్తిరించడం మరిచాడు! ఎడమపక్క మసకలో, నడుమ బొమ్మలోని వాళ్ళకంటే పెద్దగా, పసుపు తలపాగా, బుర్రమీసాలు. ఓరి దేవుడో! ఆపితే తప్పు ఒప్పుకున్నట్టు, ఆపకపోతే ఊరంతా చూస్తుంది. రిమోటు చెమటకు జారిపోతోంది.

ముందు వరసలో తల్లి రాజ్యలక్ష్మమ్మ లేచి నిలబడింది. "ఆ పక్కన నిలబడినోడు నా పెద్దోడు కాదూ?"

రాఘవేంద్రప్రసాద్ కుర్చీల మధ్య నుంచి నేరుగా ఉరుకుందు దగ్గరికే వచ్చాడు. వాడు చేతులు జోడించాడు.

"మరిచిపోయినా అన్నా... కింద ఇంకో పొర ఉండాది... పిల్లలుండారు నాకు..."

"మళ్ళా వేయప్పా," అంది ముసలమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "మొగం సరీగా చూడాల నేను."

ఉరుకుందు మీట నొక్కలేదు. ఎట్లా నొక్కుతాడు? పెద్దమనిషి మొహంకేసి చూశాడు. ఆయన తెరకేసి చూస్తున్నాడు.

"మాయమ్మ అడుగుతాంటే వినపడ్లా నీకు? వేయ్."

మళ్ళీ వేశాడు. ముసలమ్మ మళ్ళీ అడిగింది. ఈసారి రాఘవేంద్రప్రసాద్ పోయి ఆమె కుర్చీ పక్కన నేలమీదే కూలబడ్డాడు.

కాసేపటికి తల తిప్పకుండానే అడిగాడు. "ఉరుకుందూ, అసలు క్యాసెట్లో మాయన్న తేటగా ఉంటాడా?"

"ఉంటాడన్నా."

"పొద్దున్నే ఆ క్యాసెట్టు ఇంటికి తీసుకొని రా. ఇంగ నువ్వేమీ కత్తిరించొద్దు."

ఉరుకుందు తలూపాడు.