బొటనవేలి కింద దాగిన అంకె

మట్టెవాడలోని చేనేత సొసైటీలో నేను లెక్కల పని చూసేదాన్ని. ఒకరోజు పొద్దున జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, గల్లీవారీగా మగ్గాల టేబుల్ మూడింటికల్లా పంపాలె. దాన్ని బట్టే రిపేరు సామాన్లు వస్తయి."

మగ్గాల సర్వే ఫైలున్న కంప్యూటర్ అప్పటికే పాడైపోయింది. మిగిలింది ఒక్కటే, సర్వే అయ్యాక గోడకు అంటించిన బార్ చార్టును ఎవరో ఫోన్లో తీసిన ఫొటో. ఐదు గల్లీలకు ఐదు కడ్డీలు, ఎడమవైపు నిలువు గీత మీద అంకెలు. కానీ కింది అంకెను తీసినవాళ్ల బొటనవేలు కప్పేసింది.

ఫొటోను పక్క జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి స్కేలు పెట్టాను. కడ్డీల అడుగు నుంచి ఎనభై గీత వరకు ఎనిమిది సెంటీమీటర్లు. కింద సున్నా అనుకుని, మిల్లీమీటరుకు ఒక మగ్గం చొప్పున ఐదు కడ్డీలూ కొలిచి రాసేశాను. అప్పటికే పన్నెండు దాటింది.

సొసైటీలో అందరికంటే పెద్దాయన, మేమంతా కాకా అని పిలిచే నేతగాడు, కాగితం చూసి ముఖం చిట్లించాడు.

"ఏంది బిడ్డా, మా గల్లీల పదే మగ్గాలా? సర్వే చేసేటోళ్ల ఎంబడి నేనే తిరిగిన. నలభైకి తక్కువ లెవ్వు. జర మల్ల సూడు."

పంపేసి ఉంటే ఆ గల్లీకి పది మందికే సామాన్లు వచ్చేవి.

మళ్లీ స్కేలు పెట్టాను. ఈసారి డెబ్బైకీ ఎనభైకీ మధ్య కొలిచాను. రెండు సెంటీమీటర్లు! నా లెక్క ప్రకారం ఒక్కటే ఉండాలి. అరవైకీ డెబ్బైకీ మధ్యా రెండే. అలాగే కిందికి దిగుతూ పోతే కడ్డీల అడుగున వచ్చేది నలభై. చార్టు సున్నా నుంచి మొదలే కాలేదు.

మిల్లీమీటరుకు అర మగ్గం, దానికి నలభై కలపాలి. కాకా గల్లీ కడ్డీ ఒక్క సెంటీమీటరు, అంటే నలభై ఐదు. ఆయన వేళ్ల మీద ఇళ్లు లెక్కబెట్టుకుని, "గట్లనే ఉంటయి" అన్నాడు. మిగతా నాలుగూ తిరగరాసేసరికి రెండున్నర.

ఫొటో కొంచెం వాలుగా ఉంది, కడ్డీల అంచులు మసకగా ఉన్నాయి. అందుకే ప్రతి అంకె పక్కనా 'సుమారు' అని, కింద 'చార్టు ఫొటో నుంచి కొలిచినవి, రెండు మూడు మగ్గాల తేడా ఉండొచ్చు' అని రాశాను.

పంపిన ఐదు నిమిషాలకే జిల్లా ఆఫీసు నుంచి ఫోన్. "సుమారు ఏంది మేడం? పక్కా నంబర్ రాయుండ్రి."

"పక్కాది నా దగ్గర లేదు సార్. ఉన్నట్టు రాస్తే అబద్ధమైతది."

కాకా నా వైపే చూస్తున్నాడు. "సరే, మనిషిని పంపి లెక్క పెట్టిస్త" అని ఆఫీసాయన ఫోన్ పెట్టేశాడు.

వారం తర్వాత లెక్క పెట్టారు. నాలుగు గల్లీలు ఒకటి రెండు తేడాలో సరిపోయాయి. ఐదో గల్లీలో నేను నాలుగు మగ్గాలు తక్కువ రాశాను. ఆ కడ్డీ ఫొటో అంచున, అన్నిటికంటే వంకరగా ఉంది. కాకా, "ఫికర్ జెయ్యకు బిడ్డా, కొత్త లెక్క ప్రకారమే ఆ గల్లీకీ సామాన్లు అందినయి" అన్నాడు. నేను మాత్రం ఆ గల్లీకి పోయి, సామాన్లు అందనివాళ్లు ఎవరైనా మిగిలారేమో ఇల్లిల్లూ అడిగి తెలుసుకున్నాను.