పదిహేను నిమిషాల బిల్లు

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా వదిన, అంటే మా ఆయన అక్క, నేనూ కలిసి లాండ్రీ షాపు నడుపుతున్నాం. బట్టలుతికే మిషన్లు రెండు, ఆరబెట్టే డ్రైయర్లు మూడు, ఇస్త్రీకి ఆవిరినిచ్చే చిన్న బాయిలర్ ఒకటి. అన్నీ కరెంటు మీద నడిచేవే. ఇస్త్రీ చేసే ఆయనది మహబూబ్‌నగర్ వైపు. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు.

షాపు బాగా నడవడం మొదలయ్యాక కరెంటు బిల్లు తేడాగా రాసాగింది. యూనిట్లు పెద్దగా పెరగలేదు, బిల్లు మాత్రం పెరిగింది. నేను ఉద్యోగం మానేసి ఈ షాపులోకి వచ్చినదాన్ని. లెక్కలు నాకు బాగా వచ్చనే నమ్మకం ఉండేది. ఆ కాగితం ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నా ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుగో రోజు మా వైరింగ్ చేసిన పెద్దాయన్ని పిలిపించాను. ఆయన తాతల కాలం నుంచీ బెంగళూరే.

"చూడమ్మా, మీకు పద్దెనిమిది కిలోవాట్లకు పర్మిషన్ ఉండాది. ఇక్కడ రాసుండేది చూడు, ఇరవై నాలుగు. పర్మిషన్ దాటిన ఆరు కిలోవాట్లకు రేటు ఎక్కువేసి తీసుకుంటారు," అన్నాడు.

"మేం ఎక్కువ వాడలేదే?"

"వాడిన మొత్తం యూనిట్లలో వస్తాది. ఇది వేరే. ఒక్కసారిగా ఎంత లాగినారు అనేది ఇది. మీటరు పదైదు నిమిషాలకొకసారి సరాసరి కట్టుకుంటాది. నెలంతటిలో ఏ పదైదు నిమిషాలు పెద్దదో, దాన్నే పట్టుకుంటాది."

"నెలలో ఒక్క పావుగంటకా?"

"ఒక్క పావుగంటకే."

అంతటితో అయిపోలేదు. మాలాంటి షాపు మీటర్లకు వేళల రేటు కూడా పెట్టారట. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి పది వరకు యూనిట్ ధర ఎక్కువ. పగలు మామూలు రేటు, రాత్రి తక్కువ. మా పనంతా సరిగ్గా ఆ రెండు వేళల్లోనే. ఆఫీసుకెళ్లేవాళ్లు పొద్దున బట్టలిచ్చిపోతారు, సాయంత్రం మడతపెట్టి ఇమ్మంటారు. వదిన ఆరింటికే బాయిలర్ వేస్తుంది. రాత్రి నడపడానికి లేదు, మా పైన కాపురాలున్నాయి.

కరెంటు ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడి ఇంజనీరు మర్యాదగానే, కన్నడంలో, రెండు దారులు చెప్పాడు. పర్మిషన్ లోడు పెంచుకోవచ్చు, కానీ దానికి డిపాజిట్ కట్టాలి, వాడినా వాడకపోయినా ప్రతి నెలా ఫిక్స్‌డ్ చార్జి పెరుగుతుంది. లేదంటే అన్నీ ఒకేసారి వేయకుండా చూసుకోవాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. వదినను ఒప్పించడమే కష్టమైంది.

"పొద్దున ఇచ్చినవాళ్లకు సాయంత్రం ఇవ్వకపోతే మన దగ్గరికి ఎందుకొస్తారు?" అంది.

"మరుసటి రోజు సాయంత్రం ఇద్దాం వదినా. డ్రైయర్లు తొమ్మిది తర్వాత వేసి ఆరులోపు ఆపేద్దాం."

"నువ్వు కాగితాలు చూసి చెప్తావు. గిరాకీ ముఖం చూసేది నేను."

వారం రోజులు పాత పద్ధతిలోనే నడిపింది. చివరికి ఒక నెల చూద్దాం అని తనే అంది. తొమ్మిదిన్నరకు బాయిలర్. అది వేడెక్కేదాకా ఒక్క డ్రైయరే, ఆ తర్వాత రెండు. మూడోది ఖాళీగా ఉండాలి, మిగతా రెండిట్లో ఏదైనా చెడితేనే దాన్ని వాడాలి. రెండు మిషన్లలో ఒకేసారి వేడినీళ్లు పెట్టకూడదు. ఈ నియమాలు రాసి గోడకు అంటించాను. ఇస్త్రీ ఆయన నన్నడగకుండా ఒక్క స్విచ్ కూడా ముట్టేవాడు కాదు. నేను రోజూ మధ్యాహ్నం మీటరు బటన్ నొక్కి, ఆ నెలలో అప్పటిదాకా వచ్చిన పెద్ద అంకె చూసేదాన్ని. పదహారు దాటలేదు. రోజులు గడిచేకొద్దీ నాలో గర్వం కూడా మొదలైంది.

నెల ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా పిల్లాడి స్కూల్లో టీచర్లతో మీటింగుంటే వెళ్లాను. ఆ రోజు పదింటికి మా వీధిలో కరెంటు పోయింది. లైను పనట, ముందు చెప్పలేదు. ఒక పీజీ హాస్టల్ నుంచి దుప్పట్లు గుట్టగా వచ్చి ఉన్నాయి. ఒంటిగంటన్నరకు ఆటో వస్తుందని ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడట. పన్నెండుకు కరెంటొచ్చింది. వదిన మూడు డ్రైయర్లూ, బాయిలరూ, రెండు మిషన్లలో వేడినీళ్లూ అన్నీ ఒకేసారి వేసింది. రోజూ అయితే వేడెక్కాక హీటర్లు మధ్యమధ్య వాటంతటవే ఆగుతుంటాయి. ఆ రోజు అన్నీ చల్లబడి ఉన్నాయి కాబట్టి ఒక్కటీ ఆగకుండా లాగాయి.

నేను వచ్చేసరికి ఒంటిగంట. మీటరు నొక్కితే ఇరవై నాలుగు. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

"వదినా, ఏం చేశావు!"

ఆమె దుప్పటి మడతపెడుతూనే ఉంది. "నువ్వుంటే ఏం చేసేదానివి? ఆ పీజీ ఆయనకు ఏం చెప్పేదానివి?"

నేనైనా అదే చేసేదాన్నేమో. అదే ఎక్కువ మంట పుట్టించింది. ఇరవై ఆరు రోజులు మేం పడ్డ అవస్థ ఆ ఒక్క పావుగంటలో పోయింది. వేళల రేటు కొంచెం మిగిల్చింది, నిజమే. అది కంటికి ఆనలేదు.

బిల్లొచ్చాక మళ్లీ ఆఫీసుకెళ్లాను. "కరెంటు మీరే తీశారు, అది రాగానే జరిగింది ఇది," అన్నాను. ఇంజనీరు విన్నాడు. "మేడం, ఎంత లాగారో అదే మీటరు రాస్తుంది. ఎందుకు లాగారో దానికి తెలియదు," అన్నాడు. అర్జీ రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. దానికింకా సమాధానం రాలేదు.

ఆ పెద్దాయన్నే మళ్లీ పిలిచాం. ఆయన డ్రైయర్లకు ఆలస్యం పెట్టే టైమర్లు బిగించాడు. ఇప్పుడు కరెంటు పోయి వస్తే మొదటి డ్రైయరుకు, ఇరవై నిమిషాలయ్యాక రెండోదానికి మాత్రమే కరెంటు అందుతుంది. మూడోదాన్ని విడిగా, తాళంచెవితో తిప్పే స్విచ్‌కు కలిపాడు. "మనిషి మీద పెట్టకూడదమ్మా ఈ పని. గాబరాలో ఎవురైనా అన్నీ వేస్తారు," అన్నాడు. ఆ మాట వదినకు వినబడేటట్టే అన్నాడేమో. ఆమె లోపలికెళ్లి ఆయనకు కాఫీ తెచ్చిచ్చింది.

పీజీ ఆయనకు ఫోన్ చేసింది వదినే. దుప్పట్లు ముందురోజే పంపితేనే తీసుకుంటానంది. ఆయన సగం పని వేరే లాండ్రీకి ఇచ్చేశాడు. మరుసటి నెల అంకె పదిహేడు. బిల్లు తగ్గింది, గిరాకీ కూడా కొంత తగ్గింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక నాకు లేకపోయింది.

మొన్న సాయంత్రం ఆరున్నరకు ఒకమ్మాయి తడిసిన చొక్కా, ప్యాంటు తెచ్చింది. రేపు పొద్దునే ఇంటర్వ్యూ, ఉన్నది ఆ ఒక్క జతే అంది.

"ఆరు దాటితే డ్రైయరు వేయం," అని వదిన కచ్చితంగా చెప్పేసింది.

నేను తెల్లబోయాను. ఒక్క డ్రైయరు ఒక్క అరగంట తిరిగితే ఎక్కువ పడేది నాలుగు రాళ్లే. బాయిలరూ మిషన్లూ ఆపేసి ఉన్నాయి, నెల అంకె కదిలే ప్రసక్తే లేదు. అదే చెప్పాను.

"నియమం పెట్టింది నువ్వే కదా," అంది.

"నియమం ఎందుకు పెట్టామో కూడా చూడాలి కదా వదినా."

నేను బట్టలు లోపలేసి డ్రైయరు వేశాను. అది తిరిగినంతసేపూ వదిన ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. ఆ అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, డబ్బు ఎంతో అడగడానికి కూడా భయపడింది.