కొట్టేసిన మాట కింద చుక్కలు

పంచాక్షరయ్య మేష్ట్రు ఆ సాయంత్రం చేసిన ఆఖరి పని, ఎర్రపెన్ను విదిలించి, కాగితంలో ఒక వాక్యం కింద వరసగా చుక్కలు పెట్టడం. పెట్టి, పెన్నుకు మూత బిగించి, సగం కప్పు కాఫీ తాగి, "వస్తానమ్మా, గొడుగు ఇక్కడే ఉండనీ, వాన రాదులే" అని వెళ్ళిపోయాడు. పెన్నులో సిరా పడుతోందా లేదా అని చూసుకున్నాడనుకుంది మంగళ.

తిపటూరులో నగరసభ ఆఫీసుకు ఎదురుగా ఆమెది టైపింగ్ కొట్టు. జనం కన్నడంలో అర్జీలు ఎలా రాసుకొచ్చినా ముందు మేష్ట్రు చేతిలో పడాల్సిందే. ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పినవాడు కాదు. మూతపడిపోయిన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాడు. ప్రెస్సు పోయాక కళ్ళజోడూ ఎర్రపెన్నూ పట్టుకొని మంగళ కొట్లో మూల కుర్చీలో కూర్చున్నాడు. తప్పులు దిద్దేవాణ్ణి మేష్ట్రు అనక ఇంకేమంటారు? ఊరు అలాగే పిలిచింది, మంగళా అలాగే పిలిచింది.

ఆయన పట్టుదల ఒక్కటే. కాగితం మొదలుపెట్టిన భాషలోనే ముగియాలి. "నోటితో మాట్లాడేటప్పుడు నీ ఇష్టం. పౌరాయుక్తరికి, అంత పెద్ద నగరసభ కమిషనరుకి, రాసేటప్పుడు పై వరసలో 'కోరుత్తేనె' అని పెద్దమనిషిలా రాసి, కింద వరసలో 'మాడ్సికొడ్రి' అని ఇంట్లో అన్నట్టు చేయించిపెట్టమంటే, ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి చెప్పు వేసుకొని పెళ్ళికి పోయినట్టు" అనేవాడు. మంగళకు నవ్వొచ్చేది. టైపు చేసి చేసి ఆమె వేళ్ళకే ఆ పిచ్చి పట్టింది. ఇంట్లో కూతురు చీటీ రాసిపెట్టినా మనసులోనే దిద్దేది.

ఆ రోజు వచ్చింది సిద్ధగంగమ్మ. కొబ్బరి మండీలో పీచు ఒలిచే మనిషి. కాలవ తవ్వకాల్లో వాళ్ళ వీధి కుళాయి తీసి పక్కన పడేశారు, మళ్ళీ పెట్టలేదు. ఆమె కూతురు కాన్పయి ఆసుపత్రిలో ఉంది. వారంలో బిడ్డతో పుట్టింటికి రావాలి. బాలింతకూ బిడ్డకూ రోజూ హండా నిండా వేడినీళ్ళు కాయాలి. నీళ్ళు లేని ఇంటికి కోడల్ని పంపేది లేదని కూతురి అత్తగారు కబురుపెట్టింది.

"తొలి కాన్పు మేష్ట్రూ. నా చేతులతో నీళ్ళు పోయకపోతే అమ్మనెందుకయ్యాను?" అంటూ కాగితం చాచింది. తమ్ముడి కొడుకు రాసిచ్చాడట.

మేష్ట్రు మొదటి వరస చూసే మూలిగాడు. "వీడెవడమ్మా, అర్జీ తిరగేసి రాశాడు? 'పౌరాయుక్తరింద' అన్నాడు. అంటే పౌరాయుక్తరు నీకు రాసినట్టు. ఆయన ఇంట్లోనూ కుళాయి పోయిందా?"

"వాడు కాలేజీకి పోతాడు మేష్ట్రూ."

"అందుకే." 'ఇంద' కొట్టేసి 'గె' పెట్టాడు. ఆయన నుంచి కాదు, ఆయనకి. ఇక ఎర్రపెన్ను ఆగలేదు. వీధిలో అనే 'బీదీలి' పోయి 'బీదియల్లి' వచ్చింది. నీళ్ళు రావడం లేదనే 'నీరు బర్తిల్ల' కాస్తా 'బరుత్తిల్ల' అయింది. చివర 'మాడ్సికొడ్రి' చోట 'మాడిసికొడబేకెందు కోరుత్తేనె' కూర్చుంది.

దిద్దినదంతా పైకి చదివి వినిపించడం ఆయన అలవాటు. వింటూ తల ఊపుతున్న సిద్ధగంగమ్మ ఒకచోట చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. అది నేను చెప్పిన మాట. వాడు నన్నడిగి రాశాడు. మళ్ళీ చదవండి."

"'బాణంతి బరుత్తాళె, మగువిగె బిసినీరు బేకు.'"

"అట్లా నేననలేదు. 'బాణంతి బర్తాళె, మగూగె బిసినీరు బేకు' అన్నాను."

"రెండూ ఒకటేనమ్మా. బాలింత వస్తోంది, బిడ్డకు వేడినీళ్ళు కావాలి. అంతేగా?"

"ఒకటే అయితే నాది ఉంచండి."

"కాగితానికి ఒక మర్యాద ఉంటుంది తల్లీ."

"మీరు చదివింది వింటే రేడియోలో వార్తల్లా ఉంది. నా కూతురు రేడియోలో కనలేదు!"

మంగళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేష్ట్రు నవ్వలేదు. "ఒక్కటి వదిలితే అన్నీ వదిలినట్టే. నీ పని జరగాలా, నీ పంతం నెగ్గాలా?" అన్నాడు. పని జరగాలి గనక ఆమె లేచింది. "పొద్దున వస్తా, వేలిముద్ర వేస్తా. మీ ఇష్టం" అని ముఖం ముడుచుకొని మెట్లు దిగింది.

ఆయన ఆ వాక్యాన్ని రెండు రకాలుగానూ నోట్లో అనుకొని చూశాడు. కాఫీ వచ్చింది. "పులి పిల్లను కన్నట్టుంది ఈమె వాలకం" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తరవాతే పెన్ను విదిలించడం, ఆ చుక్కలు.

తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

కబురు విని మంగళ పరుగెత్తుకెళ్ళింది. చూసి, ఏడ్చి, మళ్ళీ కొట్టు తెరిచింది. సిద్ధగంగమ్మ మెట్ల మీద కూర్చొని ఉంది, కళ్ళు వాచి. ఆమెకూ తెలిసింది. "ఇవాళ వద్దులేమ్మా" అంది. "ఆయన దిద్దిన కాగితం ఆగకూడదు" అంది మంగళ. కంప్యూటర్ ముందు కూర్చొని, ఎర్రసిరా ఎలా చెబితే అలా, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసింది. 'బర్తాళె' మీద కొట్టివేత ఉంది, కింద ఆ చుక్కలు ఉన్నాయి, పైన 'బరుత్తాళె' ఉంది. పైనున్నదే టైపు చేసింది. ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది.

నగరసభలో గుమాస్తా కాగితం తిప్పి చూసి ముద్ర వేశాడు. "వరసలో వస్తుందమ్మా. మీ ముందు చాలా ఉన్నాయి." సిద్ధగంగమ్మ కదల్లేదు. ఆ పూటంతా వరండా స్తంభానికి ఆనుకొని కూర్చుంది. భోజనానికి బయటికొచ్చిన ఇంజినీరు ఆగి, "ఏంటమ్మా, ఇంకా ఉన్నావ్?" అన్నాడు.

"బాలింత వస్తాది సామీ. పాపకి ఉడుకునీళ్ళు కావాల."

అంతే అందట. ఇంజినీరు మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ కాగితం అడిగి తీసుకున్నాడట. మర్నాడు కుళాయి బిగించారు. బాలింత వచ్చింది. సాంబ్రాణి పొగ వీధి చివరిదాకా వచ్చిందని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు.

సిద్ధగంగమ్మ కొట్టుకొచ్చి ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టింది. బాలింత కోసం చేసిన కొబ్బరి ఉండలు రెండు ఆ కుర్చీ చేతి మీద పెట్టింది.

"చూశావా మంగళా, ముసలాయన అంత గొంతు చించుకున్నాడా, చివరికి నా మాట నాకే ఉంచాడు. లేకపోతే ఆ ఇంజినీరు అంత చప్పున కాగితం ఎందుకు తీస్తాడు?"

ఆమెకు చదువు రాదు. మంగళ నిజం చెప్పబోయి, ఆ ముఖం చూసి మానుకుంది. పోయినవాడికి దక్కిన మంచిమాట, మనమెందుకు తీసేయాలి అనుకుంది.

మేష్ట్రు కర్మకు శివగణారాధన కార్డు టైపు చేయించడానికి బషీర్ సాబ్ వచ్చాడు. మేష్ట్రుతో పాటు ప్రెస్సులో అక్షరాలు కూర్చినవాడు. మాట్లాడుతూ బల్ల మీది అద్దం కింద ఉన్న కాగితం చూశాడు. మేష్ట్రు చేతిరాత ఉన్న చివరి కాగితమని మంగళ అక్కడ దాచుకుంది.

బషీర్ సాబ్ కళ్ళజోడు సర్దుకొని వంగాడు.

"ఇన్నేళ్ళు పక్కన పని చేశాను, ఈయన చేత్తో ఈ గుర్తు నేను చూడలేదమ్మా. ఒకసారి కొట్టేశాడంటే కొట్టేసినట్టే. యజమాని చెప్పినా వినేవాడు కాదు."

"ఏ గుర్తు సాబ్?"

"ఈ చుక్కలు. కొట్టేసిన మాట కింద చుక్కలు పెడితే, తప్పు నాది, ముందున్నట్టే ఉంచండి అని. మా ప్రెస్సులో అందరికీ తెలుసు. నీకు చెప్పలేదా?"