ముప్పై రోజుల పున్నమి

ఆ జాబితాను అచ్చు వేయించింది నేనే. నేను కోపగించుకోవలసిన వాళ్లలో నన్ను కూడా చేర్చుకునే ఇది మొదలుపెడుతున్నాను.

అరవైల మొదట్లో నేను నెల్లూరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. సముద్రం వైపు, ఉప్పుటేరు ఒడ్డున ఉప్పు మడులు ఉండేవి. అక్కడి వాళ్లు ఏటి నుంచి మడులకు ఒక కాలవ తవ్వుకున్నారు. పున్నమికీ అమావాస్యకూ పోటు బాగా పొంగుతుంది. ఆ రోజు కాలవకు అడ్డంగా ఉన్న మట్టికట్టను తెగ్గొట్టి, నీళ్లు లోపలికి వచ్చాక మళ్లీ మూసుకునేవాళ్లు. ఆ నీటిని పెద్ద మడిలో నిలవ పెట్టి, చిన్న మడుల్లోకి కొంచెం కొంచెంగా వదిలి ఎండబెడితే ఉప్పు.

ఉప్పునీళ్లు తమ వరిపొలాల్లోకి ఊరుతున్నాయని ఎగువ రైతులు అర్జీలు పెట్టుకున్నారు. అది అబద్ధమేమీ కాదు. ప్రభుత్వం కట్ట తీసేసి అక్కడ తూము కట్టించింది, ఇనుప తలుపు పెట్టించింది, తాళం వేయించి కాపలాదారును పెట్టింది. నెలకొకసారి, పున్నమి నాడూ మర్నాడూ మాత్రమే తలుపు తెరుస్తారు. తూము కార్తీక మాసంలో పూర్తయింది. ఆ కార్తీక పున్నమి నుంచి ఏడాది పొడుగునా ఏయే తేదీల్లో తెరుస్తారో నెల్లూరు ఇరిగేషన్ ఆఫీసు వాళ్లు జాబితా తయారు చేసి నాకిచ్చారు. నేను ఒక్క తేదీ కూడా సరిచూడకుండా పంపాను. మూడో పేజీలో వచ్చింది.

చైత్రం దాటాక, ఇంకేదో పని మీద వెళ్తూ ఆ మడుల దగ్గర ఆగాను. ఒక ముసలావిడ పారతో గట్టు సరిచేస్తూ ఉంది. భర్త పోయాక నాలుగు చిన్న మడులూ ఒక నిలవ మడీ తనే చేసుకుంటోంది. నిలవ మడిలో నీళ్లు చీలమండలు కూడా తడవనంత ఉన్నాయి.

"తూము బాగా పని చేస్తున్నదా అవ్వా?" అన్నాను, పత్రికవాళ్లు అడిగే తీరులో.

"తూముకేం నాయనా, రాయి మాదిరి ఉండాది. నీళ్లే రాలేదు."

"పున్నమికి తెరవలేదా?"

"పున్నమికా? పున్నం పొయ్యి, చందమామ ఒక పక్క అరిగినాక తెరిసినాడు. పుష్యంలో ఒకనాడు ఎనక. ఫాల్గుణానికి రెండునాళ్లు. మొన్న చైత్రానికి రెండున్నర. మీ ఆఫీసోళ్ల చందమామ వేరే ఉండాడేమో!"

అది మా ఆఫీసు కాదని చెప్పాలనుకున్నాను గానీ జాబితా మా పత్రికలోనే వచ్చింది కదా, ఊరుకున్నాను.

"మీరెట్లా లెక్క పెట్టుకుంటారు?"

"ఒక పున్నానికి ఇరవై తొమ్మిది, ఇంకో పున్నానికి ముప్పై. అప్పుడప్పుడూ ఎచ్చుతగ్గులు వస్తాయి. రెండు పున్నాలకి కలిపి యాభై తొమ్మిది. మా అత్త చెప్పింది, మా అత్తకి వాళ్లత్త చెప్పింది. ఇందులో ఏముండాది?"

నిజంగానే ఇందులో ఏముంది? అక్కడే గట్టు మీద కూర్చుని జేబులోని నోటు పుస్తకంలో మడిచిపెట్టిన జాబితా తీశాను. కార్తీకం నుంచి వైశాఖానికి ఆరు పున్నములు. సగటున ఇరవై తొమ్మిదిన్నర చొప్పున నూట డెబ్బై ఏడు రోజులు. జాబితాలో నూట ఎనభై. నెలకు అరరోజు చొప్పున జారుతూ జారుతూ మూడు రోజులు వెనకబడింది. పున్నమి పోటు ఆ నాడూ, మర్నాడూ, పోనీ ఆ మర్నాడూ బలంగా ఉంటుంది. ఆ పైన రోజురోజుకీ దిగిపోతుంది. మూడు రోజుల తర్వాత తలుపు తీస్తే తూము గడప దాటి లోపలికి రావడానికి నీళ్లుండవు. వైశాఖం ఎండలకే ఏడాదిలో మంచి ఉప్పు తేలుతుంది. ఆ నీళ్లు తప్పితే ఆవిడకు ఆ ఏడు పంట లేదు.

మర్నాడే ఆఫీసుకు వెళ్లాను. అధికారి క్యాంపులో ఉన్నాడు. జాబితా తయారు చేసిన గుమాస్తా ఉన్నాడు. నుదుట విభూతి పెట్టుకుని, శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్న మనిషి.

"ముప్పై రోజులు ఎక్కడి నుంచి తెచ్చారు?" అన్నాను.

"పంచాంగం తెలియదా విలేకరి గారూ? శుక్లపక్షం పదిహేను తిథులు, బహుళపక్షం పదిహేను. వెరసి ముప్పై." నవ్వాడు కూడా.

"అవి తిథులండీ. తిథి రోజు కంటే పొట్టిది. ముప్పై తిథులు ఇరవై తొమ్మిదిన్నర రోజుల్లో అయిపోతాయి."

"కార్తీకంలో కొత్త పంచాంగం రాదు కదా, ఉన్నది ఫాల్గుణం దాకానే. ఏడాదంతా లెక్క కట్టి వేశాను."

"ఉగాదికి వచ్చిందిగా! అప్పుడైనా చూడొచ్చు కదా?"

"సంతకమై పోయింది. సార్ వస్తే గానీ ఒక్క తేదీ మారదు. అయినా మూడు రోజులకు సముద్రం ఎండిపోతుందా?"

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతవరకు పోలేదు. ఇంట్లో ఏ శుభకార్యానికైనా ఘడియ తప్పనివ్వని మనిషి అతను. ఉప్పు మడుల వాళ్ల పున్నమి మాత్రం మూడు రోజులు అటూ ఇటూ అయినా పరవాలేదు.

వైశాఖ పున్నమి నాటి ఉదయం తూము దగ్గరికి వెళ్లాను. ఎనిమిది గంటల వేళకు ఏరు నిండుగా పొంగింది. ఇనుప తలుపు సందుల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. ఇవతల కాలవ అడుగున మట్టి నెర్రెలిచ్చి ఉంది. కాపలాదారు గొళ్లేనికి వీపు ఆనించి నిలబడ్డాడు. ముసలావిడ అప్పటికే వచ్చి అతన్ని అడుగుతోంది.

"తెరువు నాయనా. ఒక్క జాము. మళ్లీ ఏసుకుందువు."

"తేదీ కాదవ్వా. నా ఉద్యోగం పోతాది."

"తేదీ కాదా! ఆ నీళ్లకి చెప్పు పో, తేదీ కాదు, ఎనక్కి పొమ్మని."

అతను తలెత్తలేదు. నేనూ అడిగాను, బతిమాలాను, చివరికి అరిచాను. అతని మీద అరవడం సిగ్గుచేటని అప్పుడే తెలుస్తూ ఉంది, అయినా అరిచాను. గంటలో నీళ్లు తగ్గడం మొదలైంది.

మూడు రోజుల తర్వాత జాబితా ప్రకారం తలుపు తీశారు. నీళ్లు గడపకు రెండు వేళ్ల కింద ఆగిపోయాయి. మర్నాడు ఇంకా కిందికి పోయాయి. కాపలాదారు రెండు రోజులూ నిజాయితీగా తెరిచి పెట్టి, మళ్లీ తాళం వేసుకున్నాడు.

అప్పుడు రాశాను. జాబితా మేం సరిచూడకుండా అచ్చు వేశామని మొదటి వాక్యంలోనే ఒప్పుకుంటూ రాశాను. మా సంపాదకుడు ఆ వాక్యం కొట్టేశాడు. మిగతాది వచ్చింది. అది చదివిన అధికారి అమావాస్య పోటుకు ఒక్కసారి తెరవడానికి అనుమతిచ్చాడు. అప్పటికి ఆవిడ మడుల అడుగు బీటలు వారింది. కొత్త బంకమట్టి తొక్కి, అణగకొట్టి, మళ్లీ నీళ్లు కట్టేసరికి సగం ఎండలు అయిపోయాయి. తొలకరి వానలు రాకముందు రెండు మడుల్లో మాత్రమే ఉప్పు చేతికొచ్చింది.

కొన్నాళ్లకు సవరించిన జాబితా తూము తలుపు పక్కన అంటించారు. ఆవిడకు చదువు రాదు. నా చేత చదివించుకుంది. మొదటి తేదీ పున్నమి నాడే ఉంది. దాని నుంచి రెండో తేదీకి ముప్పై రోజులు. రెండో దాని నుంచి మూడో దానికి ముప్పై. చదవడం ఆపేశాను.

"ముప్పయ్యేనా?" అంది.

"ముప్పయ్యే అవ్వా."

ఆవిడ పార భుజాన వేసుకుంది. "సరే. వచ్చే ఏడు చైత్రానికి మేమే గడ్డపారతో వస్తాం. రాసుకో నీ పత్రికలో, పున్నం నాడే వస్తామని రాసుకో," అని మడుల వైపు నడిచింది. నేను ఆ కాగితం గోడ మీది నుంచి ఊడబెరికి, దొరికిన మొదటి బస్సుకే నెల్లూరు వెళ్లి గుమాస్తా బల్ల మీద పెట్టాను. అతను ఎదుట కూర్చుని ఒక్కొక్క తేదీ కొట్టేసి, ఇరవై తొమ్మిది, ముప్పై, ఇరవై తొమ్మిది అని పైకి లెక్క పెట్టుకుంటూ రాసి, అధికారి సంతకానికి పంపేదాకా అక్కడి నుంచి కదలలేదు.